కాగితం చెల్లలేదు, మరి చేసిన పనికి డబ్బెవరిస్తారు?

1944లో బెంగాల్. అంతకు ముందు ఏడాదే భయంకరమైన కరువు వచ్చింది. ధాన్యం దాచడానికి గిడ్డంగులు అత్యవసరమయ్యాయి. ప్రభుత్వ పౌర సరఫరాల శాఖ ఆరంబాగ్ అనే ఊళ్లో తాత్కాలిక గోదాములు కట్టించుకుంది. ఆ పని చేసింది బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టు సంస్థ. ఆ బిల్లు చెల్లింది, పేచీ లేదు. తర్వాత అక్కడి అధికారులు ఇంకొన్ని పనులు చెప్పారు. ఒక మట్టి రోడ్డు, కాపలావాళ్లకు గది, ఆఫీసు, వంటగది, గుమాస్తాలకు గది కావాలన్నారు. ఎస్టిమేట్ ఇవ్వమని ఒక అధికారి అడిగితే, పని మొదలుపెట్టమని ఇంకో అధికారి ఉత్తరం రాశాడు. కొన్నాళ్లకు మరో అధికారి ఆ ఊరు వచ్చి, ఇంకొన్ని గోదాములకు కూడా ఎస్టిమేట్ పెట్టమన్నాడు. అన్నీ కట్టారు. శాఖ వాటిని వాడుకుంది. మొదటి పనికి రెండు వేల మూడు వందల పైచిలుకు, రెండోదానికి 17,003 రూపాయలు బిల్లు వేశారు. ప్రభుత్వం ఇవ్వలేదు. కోర్టుకు వెళితే, అసలు మనిద్దరి మధ్య ఒప్పందమే లేదు పొమ్మంది.

ఆ మాట అబద్ధం కూడా కాదు. అప్పట్లో అమల్లో ఉన్న 1935 భారత ప్రభుత్వ చట్టంలోని సెక్షన్ 175(3) ప్రకారం, ప్రభుత్వం చేసే ఏ ఒప్పందమైనా గవర్నర్ పేరు మీద ఉండాలి. దాని మీద, సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తే సంతకం చేయాలి. నిర్ణయించిన పద్ధతిలోనే చేయాలి. మండల్ సంస్థకు పని చెప్పిన అధికారులెవరికీ ఆ అధికారం లేదు. ఇప్పుడు మన రాజ్యాంగంలో ఇదే నియమం 299వ అధికరణంగా ఉంది. ఈ పద్ధతి తప్పితే ఒప్పందం ఒప్పందంగా నిలవదు. తర్వాత పై అధికారి సరేనన్నా దానికి ప్రాణం రాదు.

మరి కట్టిన గోదాముల సంగతేమిటి? కేసు సుప్రీం కోర్టు దాకా వచ్చింది. 1961 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒప్పందం చెల్లదని ఒప్పుకుంటూనే, కాంట్రాక్టరుకు డబ్బు ఇవ్వాల్సిందేనంది. ప్రధాన తీర్పు జస్టిస్ గజేంద్రగడ్కర్ రాశారు. చెల్లని ఒప్పందం కింద పని చేసినవాళ్లకు ఇవాళ్టికీ ఈ దేశంలో ఆ తీర్పే ఆధారం.

కోర్టు పట్టుకున్నది 1872 భారత ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 70. అందులో ఒప్పందం ప్రసక్తే లేదు. ఒక మనిషి ఇంకో మనిషి కోసం చట్టబద్ధంగా ఏదైనా పని చేసినా, ఏదైనా వస్తువు ఇచ్చినా, అది ఉచితంగా చేసే ఉద్దేశం లేకపోతే, అవతలి మనిషి దాని ప్రయోజనం అనుభవిస్తే, అతను పరిహారం ఇవ్వాలి, లేదా తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. ఈ షరతులన్నీ కలిస్తేనే హక్కు పుడుతుంది. వాటిలో ఒక్కటి లోపించినా పుట్టదు. మాట ఇచ్చాడు కాబట్టి ఇవ్వాలనడం కాదిది, వాడుకున్నాడు కాబట్టి ఇవ్వాలనడం. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో దీని దగ్గరి బంధువును లాటిన్ పేరుతో ‘క్వాంటమ్ మెరూయిట్’ అంటారు. చేసిన పనికి తగినంత ప్రతిఫలం అని దాని సారం.

ప్రభుత్వం తరఫు లాయర్లు ఒక గట్టి ప్రశ్నే వేశారు. ఇలా ఒప్పుకుంటే రేపు ఎవరు పడితే వాళ్లు వచ్చి, అడగని పని చేసేసి, బిల్లు చేతిలో పెట్టరా అన్నారు. దీనికి కోర్టు చెప్పిన జవాబులోనే ఈ చట్టం గుట్టంతా ఉంది. మనం వద్దనుకున్న వస్తువు ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకోనక్కర్లేదు, తిప్పి పంపవచ్చు. పని చేస్తామని వస్తే ఆపవచ్చు. అలా వద్దన్న చోట సెక్షన్ 70 పని చేయదు. వద్దనే స్వేచ్ఛ ఉండి కూడా వద్దనకుండా, ఇష్టపడి తీసుకుని అనుభవించినవాడి మీదే ఆ బాధ్యత పడుతుంది. ఆరంబాగ్‌లో అధికారులు గోదాములు వద్దనలేదు సరికదా, వాటిని వాడుకున్నారు.

ఎవరి వివాదమైనా ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే తీసుకొస్తే చాలావరకు తేలిపోతుంది. తీసుకున్నవాడికి వద్దనే అవకాశం ఉందా?

1898 నాటి ఒక ఇంగ్లీషు కేసు దీనికి మంచి ఉదాహరణ. సంప్టర్ అనే బిల్డరు, హెడ్జెస్ అనే ఆసామి స్థలంలో రెండు ఇళ్లు, గుర్రపుశాలలు మొత్తం 565 పౌండ్లకు కట్టి ఇస్తానన్నాడు. సుమారు 333 పౌండ్ల విలువైన పని చేశాక డబ్బు లేదని చేతులెత్తేశాడు. స్థలం యజమాని మిగిలిన పని తనే పూర్తి చేయించుకున్నాడు. ఆ క్రమంలో సంప్టర్ అక్కడ వదిలి వెళ్లిన ఇటుకలు, కలప వగైరా కూడా వాడేశాడు. చేసిన పనికి డబ్బు కావాలని సంప్టర్ కోర్టుకెక్కాడు. సగం లేచిన గోడలకు కోర్టు ఒక్క పౌండు కూడా ఇవ్వలేదు. వాడుకున్న సామగ్రికి మాత్రం ఇమ్మంది. సగం కట్టిన గోడలు యజమాని స్థలంలో నిలబడి ఉన్నాయి. వాటిని పూర్తి చేయడం తప్ప అతనికి దారి లేదు. తన స్థలం తను వాడుకోవడాన్ని కొత్తగా ఒప్పుకోవడం అనలేం. విడిగా పడి ఉన్న ఇటుకల సంగతి అలా కాదు. వాటిని వాడకుండా పక్కన పెట్టవచ్చు, తీసుకెళ్లమనవచ్చు. వాడుకున్నాడు కాబట్టి ఆ ఖరీదు ఇవ్వాలి.

ఇంగ్లీషు చట్టంలో అంతకంటే కఠినమైన కథ ఒకటుంది. 1793లో కట్టర్ అనే నావికుడు జమైకా నుంచి లివర్‌పూల్ వెళ్లే ఓడలో సెకండ్ మేట్‌గా చేరాడు. లివర్‌పూల్ చేరిన పది రోజులకు 30 గినీలు ఇస్తామని, దారి పొడుగునా పని చేయాలన్న షరతు మీద కాగితం రాసిచ్చారు. మామూలు జీతం కంటే అది చాలా ఎక్కువ. ఆగస్టు 2న ఓడ బయలుదేరింది, సెప్టెంబరు 20న అతను సముద్రం మీదే చనిపోయాడు. అక్టోబరు 9న ఓడ రేవు చేరింది. ఏడు వారాల పనికి తగినంత ఇప్పించమని భార్య అడిగింది. కోర్టు ఏమీ ఇవ్వలేదు. మొత్తం పనికి మొత్తం డబ్బు అని రాసుకున్నారు, పని పూర్తి కాలేదు కాబట్టి డబ్బు లేదంది.

మన చట్టం రాసినవాళ్లు అంత కఠినంగా వెళ్లలేదు. ఒప్పందాల చట్టంలో సెక్షన్ 65 ఉంది. ఒప్పందం చెల్లదని తర్వాత తెలిసినా, మధ్యలో చెల్లకుండా పోయినా, దాని కింద లాభం పొందినవాడు ఆ లాభాన్ని తిరిగి ఇవ్వాలి, లేదా పరిహారం చెల్లించాలి అంటుంది. దాని కింద చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణలు కథల్లా ఉంటాయి. ఒక గాయని రెండు నెలల పాటు వారానికి రెండు రాత్రులు పాడతానని థియేటర్ మేనేజరుతో ఒప్పందం చేసుకుంది. రాత్రికి వంద రూపాయలు. ఆరో రాత్రి ఆమె కావాలనే రాలేదు. మేనేజరు ఒప్పందం రద్దు చేశాడు. తప్పు గాయనిదే అయినా, పాడిన ఐదు రాత్రుల డబ్బు మేనేజరు ఇవ్వాల్సిందే. ఇంకో ఉదాహరణలో ఒక వ్యాపారి 250 మణుగుల బియ్యం ఇస్తానని, గడువులోపల 130 మణుగులే ఇచ్చాడు. కొన్నవాడు గడువు దాటాక కూడా ఆ 130 మణుగులు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఉంచుకున్నాడు కాబట్టి వాటి డబ్బు ఇవ్వాలి. ఇక్కడా అదే ప్రశ్న. తిప్పి పంపగలిగి కూడా ఉంచుకున్నాడా?

ఒప్పందంలో కాగితం లోపం సంగతి ఇలా ఉంటే, ఒప్పందమే చట్టవిరుద్ధమని తెలిసి చేసినవాళ్లకు సెక్షన్ 65 తలుపు తెరుచుకోదు. 1974లో కుజు కాలియరీస్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. గనుల చట్టాలకు విరుద్ధమైన లీజు కోసం డబ్బు ఇచ్చిన కంపెనీ, లీజు చెల్లదు కాబట్టి ఇచ్చింది తిరిగి ఇప్పించమంది. గనుల వ్యాపారంలోనే ఉన్నవాళ్లకు, సలహా చెప్పే లాయర్లున్నవాళ్లకు ఆ నిషేధం ముందే తెలియదంటే కోర్టు నమ్మలేదు. చెల్లదని ‘తర్వాత తెలియడం’ అనేదే జరగలేదు కాబట్టి ఆ సెక్షన్ వర్తించదంది. సెక్షన్ 70లో ఉన్న ‘చట్టబద్ధంగా’ అన్న మాట కూడా ఇలాంటి కాపలాదారే. పద్ధతి తప్పిన సంతకం వేరు, చట్టం నిషేధించిన పని వేరు. మొదటిదానికి దారి ఉంది, రెండోదానికి చాలావరకు లేదు.

ఇంకో హద్దు ధర విషయంలో ఉంది. సైన్యానికి నెయ్యి సరఫరా చేసే అలోపీ పర్షాద్ అనే సంస్థ యుద్ధకాలంలో ఖర్చులు పెరిగాయని, రాసుకున్న రేటు కంటే ఎక్కువ ఇప్పించమని అడిగింది. 1960లో సుప్రీం కోర్టు కుదరదంది. క్వాంటమ్ మెరూయిట్ అనేది ఒప్పందంలో ధర లేనప్పుడు వచ్చేది. చెల్లే ఒప్పందం ఉండి, అందులో రేటు రాసి ఉంటే, నష్టం వచ్చినా ఆ రేటుకే కట్టుబడాలి. అందువల్ల ఒప్పందం నిలిచి ఉన్నంతకాలం, మార్కెట్ రేటు పెరిగిందన్న సాకుతో దీన్ని అడగలేం.

ఇప్పుడు మన ఊళ్లలో రోజూ కనిపించే గొడవకు ఈ సూత్రాలు ఎలా వర్తిస్తాయో, ఊహించిన లెక్కతో చూద్దాం. ఒక యజమాని 1,200 చదరపు అడుగుల ఇల్లు సామాను, కూలీ అన్నీ కలిపి అడుగుకు 1,800 రూపాయల చొప్పున కట్టి ఇమ్మని మేస్త్రీకి ఇచ్చాడనుకుందాం. మొత్తం 21 లక్షల 60 వేలు. పునాది, పిల్లర్లు, శ్లాబు, గోడలు అయ్యాయి. ప్లాస్టరింగు, ఫ్లోరింగు, కరెంటు పని మిగిలాయి. యజమాని ఇప్పటిదాకా 9 లక్షలు ఇచ్చాడు. పని ఆగిపోయింది. కొలతలు వేస్తే, ఒప్పందం రేట్ల లెక్కన జరిగిన పని విలువ 12 లక్షల 40 వేలని తేలింది. శ్లాబులో ఒక చోట నీరు కారుతోంది, బాగుచేయడానికి 40 వేలు పడుతుంది.

మొదట, తప్పు యజమానిది అనుకుందాం. పని నచ్చలేదని కాదు, తక్కువకు చేసే ఇంకో మేస్త్రీ దొరికాడని పని ఆపించాడు. అప్పుడు మేస్త్రీకి రెండు దారులున్నాయి. ఒప్పంద భంగానికి సెక్షన్ 73 కింద నష్టపరిహారం అడగవచ్చు. అందులో రావాల్సిన లాభం కూడా చేరుతుంది, కానీ దాన్ని రుజువు చేయాలి. లేదంటే, చేసిన పని విలువ మాత్రం అడగవచ్చు. ఈ రెండో దారిలో లెక్క తేలిక. 12 లక్షల 40 వేలలోంచి శ్లాబు మరమ్మతు 40 వేలు తీసేస్తే 12 లక్షలు. అందిన 9 లక్షలు పోను 3 లక్షలు రావాలి. లాభం ఎంతో తేల్చలేని మేస్త్రీకి ఇదే నమ్మకమైన దారి.

ఇప్పుడు తప్పు మేస్త్రీది అనుకుందాం. ఇంకో చోట ఎక్కువ డబ్బొస్తుందని సగంలో వదిలి వెళ్లాడు. మిగిలిన పని పాత లెక్కన 9 లక్షల 20 వేలే. కొత్త మేస్త్రీ 11 లక్షలు అడిగాడు. అంటే యజమానికి లక్షా 80 వేలు అదనంగా పడింది. శ్లాబు 40 వేలు, ఈ లక్షా 80 వేలు, ఇచ్చిన 9 లక్షలు, అన్నీ తీసేస్తే మేస్త్రీకి మిగిలేది లక్షా 20 వేలు. ఇంకోలా చూస్తే, ఆ డబ్బు ఇచ్చాక యజమానికి ఇల్లు సరిగ్గా 21 లక్షల 60 వేలకే పడుతుంది. మేస్త్రీ వెళ్లిపోవడం వల్ల అతనికి నష్టం లేదు, లాభమూ లేదు. సంప్టర్ కేసు పద్ధతిలో అయితే మేస్త్రీకి ఇదీ రాదు. వదిలి వెళ్లిన సిమెంటు బస్తాలు, ఇనుము యజమాని వాడుకుంటే వాటి ఖరీదు మాత్రం వస్తుంది. మన కోర్టు ముందు గాయని ఉదాహరణ ఉంది కాబట్టి వాదించే చోటుంది, కానీ ఇచ్చినా ఈ లక్షా 20 వేలు దాటదు. వదిలేసి వెళ్లిన మేస్త్రీ, మార్కెట్ రేటు ఇప్పుడు అడుగుకు 2,200 అయిందని చెప్పి పెంచి అడిగితే, అలోపీ పర్షాద్ కేసు అడ్డొస్తుంది.

ఈ లెక్కలన్నీ ఒకే అంకె మీద నిలబడి ఉన్నాయి, ఆ 12 లక్షల 40 వేల మీద. ఇలాంటి కేసులు ఎక్కువగా ఓడిపోయేది చట్టం దగ్గర కాదు, కొలత దగ్గరే. కొత్త మేస్త్రీ వచ్చి ప్లాస్టరింగు వేశాక, లోపల పాత గోడ ఎవరు కట్టారో, ఎంత కట్టారో తేల్చడం కష్టం. అందుకే పని ఆగిన వెంటనే, కొత్తవాళ్లు దిగకముందే కొలతలు వేయించుకోవాలి. తేదీ తెలిసేలా ఫొటోలు తీయాలి. యజమాని ఒప్పుకోకపోతే, దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని కోర్టును అడగవచ్చు. ఆయన ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చి, ఉన్నది ఉన్నట్టు కొలిచి కోర్టుకు నివేదిక ఇస్తారు. ఆ నివేదిక లేని దావాలో మాటకు మాటే మిగులుతుంది.

ప్రభుత్వ పనుల్లో ఈ పాత్ర మెజర్‌మెంట్ బుక్‌ది. ఇంజినీరు నోటిమాట మీద రోడ్డుకు అదనంగా కల్వర్టు కట్టిన చిన్న కాంట్రాక్టరుకు ఒప్పందం కాగితం లేకపోవచ్చు. 299వ అధికరణం ముందు ఆ నోటిమాట నిలవదు. కానీ కల్వర్టు కొలతలు ఆ పుస్తకంలో ఎక్కి ఉంటే, ఊరి బండ్లు దాని మీద నడుస్తుంటే, మండల్ తీర్పు అతని పక్షాన ఉంటుంది. రుజువు చేయాల్సింది మూడే. పని చేశాను, ఉచితంగా చేయలేదు, శాఖ వద్దనకుండా తీసుకుని వాడుకుంది. చేస్తున్నప్పుడే పని ఆపమని శాఖ ఉత్తరం రాసి, ఆ తర్వాత కూడా పని చేస్తే, ఆ తర్వాతి భాగానికి ఆశ పెట్టుకోకూడదు. అలాగే వచ్చేది ఒప్పందంలో లెక్కేసుకున్న లాభం కాదు, శాఖకు అందిన ప్రయోజనానికి సరసమైన విలువ మాత్రమే. దావాలో ఒప్పందం ఒక్కటే రాసి, అది చెల్లకపోతే సెక్షన్ 70 కిందైనా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగకపోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ షరతులకు కావలసిన వివరాలు మొదటి దావాలోనే ఉండాలి.

గడువు కూడా మరవకూడదు. ధర చెల్లించే తేదీ ముందుగా నిర్ణయించుకోని చోట, అడిగి చేయించుకున్న పనికి డబ్బు కోసం దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టంలోని 18వ ఆర్టికల్ మూడేళ్లు ఇస్తుంది. ఆ మూడేళ్లు మొదలయ్యేది పని అయిన రోజు నుంచి, బిల్లు తిరస్కరించిన రోజు నుంచి కాదు. వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్న మాటలు వింటూ ఆ మూడేళ్లు గడిపేస్తే, గోదాము ఎంత గట్టిగా నిలబడి ఉన్నా కేసు నిలబడదు.

అందుకని ఇల్లు కట్టించేవాళ్లకైనా, కట్టేవాళ్లకైనా ఒకే మాట. వద్దనుకున్న పని కనిపిస్తే ఆ రోజే కాగితం మీద వద్దనండి. మౌనంగా ఉండి వాడుకుంటే డబ్బు ఇవ్వాల్సి వస్తుంది. చేసేవాళ్లు ప్రతి అదనపు పనికీ ఒక్క వాక్యమైనా రాయించుకోండి, కనీసం మెసేజ్ అయినా పెట్టించుకోండి. పని ఆగిందంటే ముందు కొలతలు, తర్వాత లాయరు. ఈ వరుస తప్పితే, చట్టం మీ పక్షాన ఉన్నా లెక్క మీ పక్షాన ఉండదు.